చివరి పేరా ముందు చదవండి

కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఏ పని టెండరు దక్కినా, అది చెరువు కట్ట మరమ్మతు కానీ చెక్‌డ్యాము కానీ, అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు ఆఫీసువాళ్ళు బ్యాంకు గ్యారంటీ తెమ్మంటారు. కాంట్రాక్టర్లు దాన్ని బీజీ అంటారు. పని తీసుకున్న మనిషి మాట తప్పితే ఇంత సొమ్ము మేం కడతామని బ్యాంకు ఆ ఆఫీసుకు రాసిచ్చే పత్రమది. బ్యాంకు మొదట డ్రాఫ్టు చేతికిస్తుంది. చూసి సరేనంటే స్టాంపు పేపరు మీద దించి, సంతకాలు పెట్టి ఇస్తుంది. డ్రాఫ్టుకీ స్టాంపు పేపరుకీ నడుమ దొరికే ఆ ఒకటి రెండు రోజుల్లో ఏం చూసుకోవాలో ఈ పూట చెబుతాను.

డ్రాఫ్టు సాధారణంగా రెండు మూడు పేజీలు, ఇంగ్లీషులో ఉంటుంది. మొదటి పేజీలో టెండరు నంబరు, పని పేరు, అగ్రిమెంటు వివరాలు వస్తాయి. తర్వాత బ్యాంకు ఇచ్చే హామీ వస్తుంది. ఇక్కడిదాకా చదివి చాలామంది పక్కన పెట్టేస్తారు. అసలు సంగతి చిట్టచివరి పేరాలో ఉంటుంది. అది ‘నాట్‌విత్‌స్టాండింగ్’ అనే మాటతో మొదలవుతుంది. పైన ఏం రాసి ఉన్నా సరే, ఈ కింది మూడు షరతులే చెల్లుతాయని దాని భావం. మా బాధ్యత ఇన్ని రూపాయలకు మించదు అన్నది ఒకటో షరతు. ఈ గ్యారంటీ ఫలానా తేదీ వరకే అమల్లో ఉంటుంది అన్నది రెండోది. ఫలానా తేదీలోగా మీ క్లెయిము రాతపూర్వకంగా మాకు అందితేనే చెల్లిస్తాం అన్నది మూడోది. పై పేజీల్లో ఎంత గట్టి హామీ ఉన్నా, ఈ మూడు వాక్యాలు దాన్ని కత్తిరించేస్తాయి. అందుకే డ్రాఫ్టును కింది నుంచి పైకి చదవమంటాను.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. శెట్టూరు మండలంలో ఒక చెరువు పని అనుకోండి. అంచనా విలువ 80 లక్షలు. అగ్రిమెంటు 2025 సెప్టెంబరు 1న అవుతుంది. తొమ్మిది నెలల్లో, అంటే 2026 మే 31కి పని పూర్తి కావాలి. పూర్తయ్యాక రెండేళ్ళపాటు ఏ లోపం బయటపడినా కాంట్రాక్టరే తన ఖర్చుతో సరిచేయాలి. దాన్నే డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటారు. ఆ రెండేళ్ళూ దాటాక మరో 60 రోజుల వరకు గ్యారంటీ అమల్లో ఉండాలని టెండరు షరతు అనుకుందాం. కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నియమావళిలో పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి ఉన్న లెక్క కూడా ఈ 60 రోజులే.

ముందు సొమ్ము సంగతి. ఎంత శాతం అన్నది అందరూ చూస్తారు. దేని మీద శాతం అన్నది చూడరు. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ పనులకు 2003 జులై 1 నాటి జీవో 94 చాలాకాలం దారి చూపింది. టెండరు వేసేటప్పుడు అంచనా విలువలో ఒక శాతం, అగ్రిమెంటు నాడు మరో ఒకటిన్నర శాతం ధరావతు కట్టాలని ఆ పద్ధతి. మన ఉదాహరణలో 80 లక్షల మీద ఒకటిన్నర శాతం అంటే 1,20,000 రూపాయలు. కాంట్రాక్టరు ఐదు శాతం తక్కువకు, అంటే 76 లక్షలకు కోట్ చేశాడనుకోండి. కోట్ చేసిన మొత్తం మీద లెక్క కడితే 1,14,000 అవుతుంది. ఆరు వేలే తేడా. అయినా ఆ తేడాతో ఆఫీసు బీజీని తిప్పి పంపుతుంది. మీ టెండరు పత్రంలో అంచనా విలువ అని ఉందా, అగ్రిమెంటు విలువ అని ఉందా? ఆ పంక్తిని చూపుడు వేలు పెట్టి చదవండి.

మరీ తక్కువకు కోట్ చేసినవాళ్ళకు ఇంకో లెక్క ఉంది. ఆ జీవో ప్రకారం అంచనా మీద 15 శాతం కన్నా తక్కువకు దిగితే, అంచనాలో 85 శాతానికీ కోట్ చేసిన మొత్తానికీ ఉన్న తేడాను అదనపు హామీగా ఇవ్వాలి. 80 లక్షల పనికి 20 శాతం తక్కువగా 64 లక్షలు వేశాడనుకోండి. 85 శాతం అంటే 68 లక్షలు. తేడా నాలుగు లక్షలు. ధరావతు బీజీ ఒకటి, ఈ నాలుగు లక్షల బీజీ ఒకటి, రెండూ వేరువేరు. షరతులు కాలంతోపాటు మారుతుంటాయి కాబట్టి మీ టెండరులో ఏముందో దాన్నే పట్టుకోండి.

ఇక డ్రాఫ్టులో ఆ సొమ్ము ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. తక్కువలో తక్కువ మూడుచోట్ల ఉంటుంది. పైన శీర్షిక దగ్గర, నడుమ హామీ వాక్యంలో, చివరి పేరా ఒకటో షరతులో. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. బ్యాంకులో కొత్త డ్రాఫ్టు తయారు చేసేవాళ్ళు పాత ఫైలు తెరిచి పేర్లూ అంకెలూ మారుస్తారు. పైన మార్చి కింద మరిచిపోవడం తరచూ జరుగుతుంది. అంకెల్లో 1,20,000 అని ఉండి అక్షరాల్లో ‘ఒక లక్షా రెండు వేలు’ అని పడటమూ జరుగుతుంది. చెక్కులో ఇలాంటి తేడా వస్తే అక్షరాలదే చెల్లుబాటని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ తేల్చేసింది. బ్యాంకు గ్యారంటీ ఆ చట్టం కిందికి రాదు. ఇక్కడ తేడా వస్తే తగాదానే. కాబట్టి మూడుచోట్లా ఒకటే సొమ్ము ఉందో లేదో, నోటితో పైకి చదువుతూ సరిచూసుకోండి.

రెండోది అమలు గడువు. ఇది లెక్క కట్టాల్సిన సంగతి. మన శెట్టూరు పని 2026 మే 31కి పూర్తవుతుంది. రెండేళ్ళ లోపాల బాధ్యత 2028 మే 31తో ముగుస్తుంది. దానికి 60 రోజులు కలిపితే 2028 జులై 30. డ్రాఫ్టులో ఈ తేదీ కనిపించాలి. అయితే చాలా డ్రాఫ్టుల్లో ‘ఈ గ్యారంటీ తేదీ నుంచి 24 నెలలు’ అని రాసి ఉంటుంది. గ్యారంటీ తేదీ 2025 సెప్టెంబరు అయితే ఆ 24 నెలలు 2027 సెప్టెంబరుకే అయిపోతాయి. లోపాల బాధ్యతకు అప్పటికి ఇంకా కనీసం ఎనిమిది నెలలు మిగిలే ఉంటుంది. రెండేళ్ళు అన్న మాట రెండుచోట్లా ఒకటే కనిపించినా, ఎక్కడి నుంచి రెండేళ్ళు అన్నది వేరు. గడువును నెలల్లో కాకుండా తేదీగానే రాయించుకోండి. తేదీలో నెలను అక్షరాల్లో రాయించండి. 05-06 అని ఉంటే మే అనేవాళ్ళూ ఉంటారు, జూన్ అనేవాళ్ళూ ఉంటారు.

ఇంకొక చిన్న పని ఉంది. ఆ తేదీ ఏ వారమో క్యాలెండరులో చూడండి. 2028 జులై 30 ఆదివారం. బ్యాంకు తలుపులు తెరవని రోజును చివరి రోజుగా పెట్టుకోవడం ఎందుకు? జులై 31 సోమవారానికి జరపమని అడిగితే బ్యాంకు కాదనదు. రెండో శనివారం, నాలుగో శనివారం కూడా బ్యాంకులకు సెలవేనని గుర్తుంచుకోండి.

పని ఆలస్యమైతే ఏమవుతుంది? మన సీమలో చెరువు పనికి ఉన్న చిత్రమైన కష్టం అందరికీ తెలిసిందే. ఏళ్ళ తరబడి ఎండి ఉన్న చెరువుకు, పని మొదలుపెట్టిన సంవత్సరమే సెప్టెంబరు, అక్టోబరు వానలకు నీళ్ళొస్తాయి. నీళ్ళు దిగేదాకా తూము దగ్గర పని చేయలేం. గడువు పొడిగించమని ఆఫీసుకు అర్జీ పెడతారు. పొడిగింపు వస్తుంది. పని 2026 డిసెంబరు 31కి పూర్తయిందనుకోండి. లోపాల బాధ్యత 2028 డిసెంబరు 31 దాకా జరిగింది. బీజీ మాత్రం జులై 31తోనే ఆగిపోతుంది. అయిదు నెలలు హామీ లేకుండా పోయింది. అందుకే పని గడువు పొడిగించిన ప్రతిసారీ బీజీ గడువును కూడా పొడిగించాలి. అదీ పాత గడువు తీరకముందే జరగాలి. ఇటు కాంట్రాక్టరు కదలకపోతే, అటు ఆఫీసు బ్యాంకుకు ఒక ఉత్తరం రాస్తుంది. పొడిగించండి, లేదంటే సొమ్ము చెల్లించండి అని. ఆ ఉత్తరం గడువులోగా అందితే, బ్యాంకు దాన్ని క్లెయిముగానే తీసుకోవాల్సి వస్తుంది. కాంట్రాక్టరుకు ఆ పరిస్థితి మంచిది కాదు.

మూడోది క్లెయిము గడువు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చెబుతాను. ఇందులో మూడు గడువులు కలగలిసి ఉంటాయి. తప్పు ఏ రోజులోపు జరిగితే గ్యారంటీ వర్తిస్తుందో అది అమలు గడువు. ఆ తప్పు గురించి సొమ్ము కట్టమని బ్యాంకును రాతపూర్వకంగా అడగడానికి ఇచ్చిన చివరి తేదీ క్లెయిము గడువు. అడిగినా బ్యాంకు కట్టకపోతే కోర్టుకు వెళ్ళడానికి ఉన్న వ్యవధి మూడోది.

మన ఉదాహరణలో అమలు గడువు జులై 31. చివరి పేరాలో క్లెయిము తేదీ కూడా జులై 31 అనే ఉందనుకోండి. మే నెలలో కట్టకు బీట కనిపించింది, కాంట్రాక్టరు దాన్ని సరిచేయడని జులై 29న తేలింది. ఏఈ చూడాలి, డీఈ రిపోర్టు రాయాలి, ఈఈ ఉత్తరం మీద సంతకం పెట్టాలి, ఆ ఉత్తరం బ్యాంకులో ముద్ర వేయించుకోవాలి. ఇదంతా రెండు రోజుల్లో కాదు. కాబట్టి క్లెయిముకు అమలు గడువు తర్వాత కొంత వ్యవధి కావాలని ఆఫీసు అడగడం న్యాయమే. ఎంత వ్యవధి అన్నది టెండరు పత్రంలో ఉంటుంది. ఒకచోట మూడు నెలలు, మరొకచోట ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది.

అయితే బ్యాంకు చాలాసార్లు తనంతట తానే ఏడాది రాస్తుంది. దానికి కారణం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్. పూర్వం బ్యాంకులు ‘గడువు తీరిన ఆరు నెలల్లో దావా వేయకపోతే మీ హక్కులన్నీ రద్దు’ అని రాసేవి. 1997 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అలాంటి షరతు చెల్లకుండా పోయింది. చెల్లకపోతే మామూలు కాలపరిమితి చట్టం వర్తిస్తుంది. ప్రైవేటు వ్యక్తులకైతే మూడేళ్ళు, ప్రభుత్వం వేసే దావాకైతే 30 ఏళ్ళు. అన్నేళ్ళు గ్యారంటీలను పుస్తకాల్లో మోయడం బ్యాంకులకు బరువైంది. దాంతో 2013 జనవరి నుంచి 28వ సెక్షన్‌కు మూడో మినహాయింపు వచ్చింది. నిర్దిష్టమైన ఘటన జరిగిన నాటి నుంచి ఏడాదికి తగ్గకుండా వ్యవధి ఇస్తే, ఆ తర్వాత హక్కులు ముగుస్తాయని బ్యాంకు రాసుకోవచ్చు.

ఈ ఏడాదిని చాలా బ్యాంకులు క్లెయిము గడువుగా అర్థం చేసుకున్నాయి. ఏడాది క్లెయిము గడువు పెట్టాల్సిందేననీ, ఆ ఏడాదికి కూడా కమీషన్ కట్టాలనీ అడిగాయి. దీని మీద లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ పంజాబ్ నేషనల్ బ్యాంకు మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2021 జులై 28న తీర్పు వచ్చింది. మూడో మినహాయింపు చెప్పేది కోర్టుకు వెళ్ళే వ్యవధి గురించి, క్లెయిము గడువు గురించి కాదు, కాబట్టి ఏడాది క్లెయిము గడువు తప్పనిసరి అని బ్యాంకు పట్టుబట్టడానికి ఆ సెక్షన్ ఆధారం కాదు అని కోర్టు చెప్పింది.

చిన్న కాంట్రాక్టరుకు ఇది కంపెనీల గొడవగా అనిపించవచ్చు. కానీ దీని వెనుక మీ సొమ్ముంది. బ్యాంకులో లిమిటు లేని మనిషికి బీజీ కావాలంటే, తరచూ ఆ మొత్తానికి పూర్తిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించుకుంటారు. దాన్నే మార్జిన్ అంటారు. క్లెయిము గడువు ముగిసేదాకా ఆ డిపాజిట్ మీద బ్యాంకుకు పట్టు ఉంటుంది. టెండరు మూడు నెలల క్లెయిము గడువే అడిగితే మీ 1,20,000 రూపాయలు 2028 అక్టోబరు ఆఖరుకు విడుదలవుతాయి. బ్యాంకు ఏడాది రాస్తే 2029 జులై ఆఖరు దాకా ఆగాలి. పైగా కమీషన్ కూడా అన్ని నెలలకూ పడవచ్చు. అందుకే టెండరు పేజీ తీసుకువెళ్ళి, ఇందులో మూడు నెలలే ఉంది, ఏడాది ఎందుకు రాశారని అడగండి. మా బ్యాంకు పద్ధతి ఇంతే అంటే, కమీషన్ ఎప్పటిదాకా వేస్తున్నారో అయినా రాతపూర్వకంగా తీసుకోండి.

ఎదురు బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసువాళ్ళు చూడాల్సింది వేరు. పాత నమూనాల జిరాక్సుల్లో ఇప్పటికీ ఆరు నెలల్లో దావా వేయకపోతే హక్కులు రద్దు అనే వాక్యం కనిపిస్తూ ఉంటుంది. అది కనిపిస్తే డ్రాఫ్టు వెనక్కి పంపాలి. క్లెయిము ఏ బ్రాంచిలో ఇవ్వాలో కూడా చూడాలి. కాంట్రాక్టరు దరఖాస్తు ఇచ్చింది కళ్యాణదుర్గం బ్రాంచిలోనే అయినా, బీజీ తయారయ్యేది వేరే నగరంలోని కేంద్ర కార్యాలయంలో కావచ్చు. క్లెయిము అక్కడే అందాలని చివరి పేరాలో ఉంటే, గడువు చివరి రోజున ఇక్కడ ఉత్తరం ఇచ్చి లాభం లేదు. స్థానిక బ్రాంచిలో ఇచ్చినా చెల్లుతుందని ఒక వాక్యం చేర్పించుకుంటే సరిపోతుంది.

నాలుగోది, గ్యారంటీ ఎవరి పేరున ఉంది, వాళ్ళు ఏ మాటల్లో అడగాలి అన్నది. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీకీ బీహార్ ప్రభుత్వానికీ నడుమ నడిచిన వ్యాజ్యంలో 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి పాఠం లాంటిది. అందులో గ్యారంటీ చీఫ్ ఇంజనీరుకు ఇచ్చారు. సొమ్ము కట్టమని బ్యాంకుకు రాసింది మాత్రం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. గ్యారంటీలో పేర్కొన్న అధికారి కాక వేరొకరు అడగడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. శాఖ ఒకటే, పని ఒకటే, ప్రభుత్వమూ ఒకటే. అయినా కాగితం మీద ఉన్న హోదాకే అధికారం. ఆ గ్యారంటీలో ఇంకో లోపమూ ఉంది. కాంట్రాక్టరు ఫలానా బాధ్యత నెరవేర్చకపోతే అన్న షరతుతో హామీని ముడిపెట్టారు. కాబట్టి అది షరతులతో కూడిన గ్యారంటీయే తప్ప అడగగానే కట్టాల్సినది కాదని కోర్టు అంది.

డ్రాఫ్టులో చూడాల్సింది కూడా ఈ రెండే. మొదటిది పేరు. అగ్రిమెంటు మీద ఎవరు సంతకం పెడుతున్నారో ఆ హోదా, ఆ డివిజను, ఆ ఊరు అచ్చంగా అలాగే ఉండాలి. మనిషి పేరు రాయకూడదు. బదిలీ అయితే చిక్కు. ఈఈ, ఫలానా డివిజన్, కళ్యాణదుర్గం అని హోదాతో రాసి, ఆ హోదాలో తర్వాత వచ్చేవారికీ వర్తిస్తుందని చేర్చాలి.

పాత బీజీ చూసి కొత్తది రాస్తే ఆఫీసు పేరు మారిన సంగతి ఎవరికీ గుర్తురాదు. కరెంటు పనులు చేసేవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. 2014 దాకా అనంతపురం జిల్లా హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఏపీసీపీడీసీఎల్ కింద ఉండేది. రాష్ట్ర విభజనతో తిరుపతిలోని ఏపీఎస్పీడీసీఎల్‌కు మారింది. ఆ తర్వాత విజయవాడ కేంద్రంగా ఏపీసీపీడీసీఎల్ అనే అదే పొట్టి పేరుతో కొత్త కంపెనీ పుట్టింది. పన్నెండేళ్ళ నాటి బీజీ చూసి డ్రాఫ్టు రాస్తే, మన జిల్లాతో సంబంధమే లేని ఇంకో కంపెనీకి హామీ ఇచ్చినట్టవుతుంది. ఒక్క అక్షరం తేడాతో.

రెండోది అడిగే మాట. అడిగిన వెంటనే, ఎలాంటి అభ్యంతరమూ చెప్పకుండా, కాంట్రాక్టరును సంప్రదించకుండా చెల్లిస్తాం అని ఉంటే ఆఫీసుకు బలం. ‘తప్పు రుజువైతే’, ‘నష్టం నిర్ధారణ అయితే’ అని ఉంటే బ్యాంకు రుజువు అడగవచ్చు. కాంట్రాక్టరుకు రెండో రకం నచ్చుతుంది, సహజమే. కానీ టెండరులో నమూనా ఇచ్చి, అక్షరం మార్చకూడదని షరతు పెడితే, ఆ మాటలు చేర్చిన బీజీని ఆఫీసు తీసుకోదు. ఈలోగా అగ్రిమెంటుకు ఇచ్చిన గడువు దాటిపోతుంది. అడగ్గానే కట్టే రకం గ్యారంటీ ఇచ్చాక, ఆఫీసు అన్యాయంగా అడిగిందని కోర్టుకు వెళ్ళి ఆపడం చాలా కష్టం. ఘోరమైన మోసం జరిగిందనో, తిరిగి పూడ్చలేని అన్యాయం జరుగుతుందనో చూపిస్తే తప్ప కోర్టులు చెల్లింపును ఆపవని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. కాంట్రాక్టరు సంతకం పెట్టేముందే ఈ సంగతి తెలుసుకుని పెట్టాలి.

నాలుగూ సరిచూశాక డ్రాఫ్టు కాపీ ఒకటి ఆఫీసులో ఇచ్చి, ఇది మాకు సమ్మతమే అని వాళ్ళతో రాయించుకోండి. ఆ తర్వాతే బ్యాంకును స్టాంపు పేపరు మీద దించమనండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే ప్రతిచోటా బ్యాంకు అధికారుల సంతకం ఉండాలి. ఆఫీసు ఖాతా ఉన్న బ్యాంకు ఐఎఫ్ఎస్సీ కోడ్ కూడా అప్పుడే ఇవ్వండి. బీజీ జారీ కాగానే బ్యాంకు ఎస్ఎఫ్ఎంఎస్ అనే బ్యాంకుల మధ్య సందేశ వ్యవస్థలో ఆ బ్యాంకుకు ధ్రువీకరణ పంపుతుంది. హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ తయారుచేసిన వ్యవస్థ అది. ఆ సందేశంలోని సొమ్ము, తేదీలు కాగితంలోని వాటితో కలవాలి. కాగితంలో జులై 31, సందేశంలో జులై 30 అని ఉంటే ఆఫీసు దాన్ని అనుమానంగానే చూస్తుంది.

పని పూర్తయి, లోపాల గడువూ దాటాక చాలామంది ఒక పని మరిచిపోతారు. బీజీ గడువు తీరింది కదా, దానంతట అదే పోతుందిలే అనుకుంటారు. క్లెయిము తేదీ దాకా ఆగనక్కర్లేదు. ఆఫీసు నుంచి ఒరిజినల్ గ్యారంటీని, ఇక మాకు దీనితో పని లేదు అనే ఉత్తరాన్ని తీసుకుని బ్యాంకులో ఇవ్వండి. అది అందిన రోజే మీ డిపాజిట్ మీద పట్టు వదలమని బ్యాంకును అడగవచ్చు. మన శెట్టూరు ఉదాహరణలో ఆ ఉత్తరం 2028 ఆగస్టులోనే తెచ్చుకుంటే, బ్యాంకు ఏడాది క్లెయిము గడువు రాసి ఉన్నా, సొమ్ము పదకొండు నెలల ముందే చేతికి వస్తుంది.